స్కోప్ ఫోటోలో అల రెండింతలు, గీత లావు: ఏది దేని వల్ల?

ప్రశ్న: సార్, మాది తిరుపతి, డిప్లొమా ఈసీఈ రెండో సంవత్సరం. ల్యాబ్‌లో ఫంక్షన్ జనరేటర్ మీద సైన్ వేవ్, 1 కిలోహెర్ట్జ్, 2 ఓల్టుల పీక్ టు పీక్ పెట్టాను. స్కోప్ ఫోటో జత చేశాను. అడుగున CH1 1.00V, M 250us అని ఉంది. ఫ్రీక్వెన్సీ కుదిరింది కానీ ఓల్టేజీ రెండింతల పైనే వచ్చింది, పక్కన Pk-Pk 4.40V అని చూపిస్తోంది. గీత కూడా లావుగా ఉంది. అది నాయిస్సేనా? రికార్డులో ఏ అంకె వేయాలి?

సమాధానం:

మీ 4.40లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. అందులో 4.0 జనరేటర్ నిజంగా పంపుతున్న అల. అది రెండింతలు కావడానికి కారణం జనరేటర్‌లోని ఒక సెట్టింగ్, స్కోప్ తప్పేమీ లేదు. మిగిలిన 0.40 నాయిస్. దాని కారణం కూడా మీ ఫోటోలోనే దొరికింది. కింద ఎడమ మూల చూడండి, ప్రోబ్ నల్ల క్లిప్పు దేనికీ తగిలించకుండా బల్ల అంచున వేలాడుతోంది. ఒక్కొక్కటీ ఎలా తేలిందో చెబుతాను, తర్వాతి ఫోటో మీరే చదువుకోవచ్చు.

అల జోలికి పోకముందు స్కేలు చూడాలి. CH1 1.00V అంటే ఒక గడి ఎత్తు 1 ఓల్టు. M 250us అంటే ఒక గడి వెడల్పు 250 మైక్రోసెకన్లు. మీ స్క్రీన్‌లో అడ్డంగా 10 గళ్ళు, నిలువుగా 8 గళ్ళు ఉన్నాయి. అంటే మొత్తం కనిపించేది 2.5 మిల్లీసెకన్ల కాలం, 8 ఓల్టుల ఎత్తు. ఎడమ అంచున 1 అని రాసి ఉన్న చిన్న బాణం సున్నా ఓల్టుల చోటు. మీ ఫోటోలో అది సరిగ్గా మధ్య గీత మీద ఉంది, అల దానికి పైకీ కిందికీ సమానంగా ఉంది. కాబట్టి డీసీ ఆఫ్‌సెట్ లేదు. ఈ అడుగు వరస తెగిపోయిన ఫోటో అయితే అల ఎంత చక్కగా ఉన్నా దానిలోంచి ఒక్క అంకె కూడా తీయలేం. ఫోటో తీసేటప్పుడు ముందు ఆ వరస పడిందో లేదో చూసుకోండి.

ఇక ఫ్రీక్వెన్సీ. చాలామంది శిఖరం నుంచి శిఖరానికి గళ్ళు లెక్కపెడతారు. సైన్ వేవ్ శిఖరం దగ్గర గీత దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి కచ్చితమైన కొన ఎక్కడో కన్ను పట్టుకోలేదు. గీత లావుగా ఉంటే మరీ కష్టం. దానికి బదులు అల మధ్య గీతను పైకి దాటే చోట్లు తీసుకోండి, అక్కడ వాలు నిటారుగా ఉంటుంది. మీ ఫోటోలో అలాంటి రెండు దాటుళ్ళ మధ్య 4.0 గళ్ళు ఉన్నాయి.

```
T = 4.0 × 250us = 1000us = 1.00ms
f = 1 / T = 1.00kHz
```

ఇక్కడ కచ్చితత్వం గురించి ఒక మాట. ఒక్కో గడికి ఐదు చిన్న గుర్తులు ఉంటాయి, అంటే గుర్తుకీ గుర్తుకీ మధ్య 0.2 గడి. కంటితో 0.1 గడి దాకా అంచనా వేయొచ్చు. 4 గళ్ళలో 0.1 అంటే 2.5 శాతం తేడా. రెండు పూర్తి అలలు కలిపి 8 గళ్ళు చదివి రెండుతో భాగిస్తే అదే పొరపాటు 1.25 శాతానికి దిగుతుంది. గళ్ళు లెక్కపెట్టి 1.000 అని మూడు దశాంశాలు రాస్తే ఎగ్జామినర్ అడుగుతారు, అడగాలి కూడా. పక్కన స్కోప్ తానే చూపించే Freq అంకె వేరు. అది అల ఒక స్థాయిని దాటిన చోట్లు చూసి వేసిన లెక్క. నాయిస్ బాగా ఉంటే ఒక్క ఎక్కుడులోనే అల ఆ స్థాయిని రెండు మూడుసార్లు దాటినట్టు అనిపించి, ఆ అంకె గంతులేస్తుంది. అలాంటప్పుడు గళ్ళ లెక్కే నమ్మదగినది.

ఇప్పుడు ఎత్తు. మీ అల పై శిఖరం దగ్గర గీత ఒక పట్టీలా ఉంది. ఆ పట్టీ పై అంచు మధ్య గీతకు 2.2 గళ్ళ ఎత్తున, కింది అంచు 1.8 గళ్ళ ఎత్తున ఉన్నాయి. అల అసలు ఎత్తు ఆ పట్టీ నడిమధ్య, అంటే 2.0 గళ్ళు. కింది శిఖరం దగ్గరా అంతే. కనుక పీక్ టు పీక్ 4.0 గళ్ళు, 4.0 ఓల్టులు. స్కోప్ మాత్రం పట్టీ మధ్య ఎక్కడుందో చూడదు. తాను పట్టుకున్న బిందువుల్లో అన్నిటికన్నా పైదానిలోంచి అన్నిటికన్నా కిందిది తీసేసి 4.40 అని వేస్తుంది. పై శిఖరం మీద 0.2, కింది శిఖరం మీద 0.2 నాయిస్ అందులో చేరిపోయాయి. Pk-Pk అంకెను అలాగే రికార్డులోకి ఎక్కించకూడదనేది ఇందుకే.

అయినా 2 పెడితే 4 ఎందుకు రావాలి? ఫంక్షన్ జనరేటర్ లోపల అవుట్‌పుట్‌తో వరసగా 50 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. బయట కూడా 50 ఓమ్‌ల లోడ్ తగిలిస్తారన్న ఊహతో చాలా జనరేటర్లు డిస్‌ప్లేలో అంకె చూపిస్తాయి. లోపల 50, బయట 50 అయితే ఓల్టేజీ సగం సగం పంచుకుంటుంది. అందుకని మీరు 2 అని పెడితే లోపల 4 తయారవుతుంది. మీరు తగిలించింది 1 మెగాఓమ్ ఉన్న స్కోప్, దాని ముందు 50 ఓమ్‌లు లెక్కలోకే రావు. కాబట్టి ఆ 4 మొత్తం స్క్రీన్ మీదికి వచ్చేసింది. జనరేటర్ మెనూలో లోడ్ లేదా ఇంపెడెన్స్ అనే చోటుకి వెళ్ళి High Z ఎంచుకోండి. అప్పుడు డిస్‌ప్లే అంకె, స్కోప్ అంకె కలుస్తాయి. కొన్ని జనరేటర్లలో అలా మార్చగానే బయటికొచ్చే ఓల్టేజీ మారదు, డిస్‌ప్లేలో అంకె మాత్రమే 4గా మారుతుంది. మీరు మళ్ళీ 2 అని పెట్టాలి.

తేడా ఎన్ని రెట్లుందో చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది. రెండింతలైతే ఈ 50 ఓమ్‌ల సంగతి. పదింతలు ఎక్కువైతే ప్రోబ్ మీద స్విచ్ 1X లో ఉంది, ఛానెల్ మెనూలో మాత్రం 10X అని ఉంది. పదో వంతుకి పడిపోతే దానికి తిరగబడిన పరిస్థితి. ఏ లెక్కకీ అందని 1.3 రెట్లు, 1.7 రెట్లు లాంటి తేడా పాత సీఆర్ఓ మీద వస్తే, ఓల్ట్స్ పర్ డివిజన్ నాబ్ మధ్యలో ఉన్న చిన్న వేరియబుల్ నాబ్ CAL స్థానంలో లేదన్నమాట. దాన్ని చివరి దాకా తిప్పితే టిక్కుమని అక్కడ కూర్చుంటుంది.

ఒక గట్టి సరిచూపు కూడా ఉంది. 4.0 ఓల్టుల పీక్ టు పీక్ సైన్ అంటే పీక్ 2.0, ఆర్ఎంఎస్ 1.41 ఓల్టులు. మల్టీమీటర్ ఏసీ రేంజ్‌లో పెట్టి చూడండి. అయితే చవక మీటర్లు చాలావాటిని 400 హెర్ట్జ్ వరకే నమ్మాలి, 1 కిలోహెర్ట్జ్ దగ్గర తక్కువ చూపించవచ్చు. కాబట్టి ఈ ఒక్క పరీక్షకి జనరేటర్‌ను 100 హెర్ట్జ్‌కి దించి కొలవండి, ఎత్తు మారదు.

స్కోప్ బ్యాండ్‌విడ్త్ గురించి మీ ఫోటోకి సంబంధించి దిగులు లేదు. కానీ ఆ అంకె అర్థం తెలిసి ఉండాలి. 50 మెగాహెర్ట్జ్ స్కోప్ అంటే 50 మెగాహెర్ట్జ్ దాకా ఎత్తు సరిగ్గా చూపిస్తుందని కాదు. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎత్తు అప్పటికే 0.707 వంతుకి పడిపోయి ఉంటుంది. మన పక్కనే గాదంకిలోని ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. అంత ఫ్రీక్వెన్సీ ఉన్న 4 ఓల్టుల అలను మీ ల్యాబ్ 50 మెగాహెర్ట్జ్ స్కోప్ మీద చూస్తే 2.8 కన్నా తక్కువే కనిపిస్తుంది. మీ 1 కిలోహెర్ట్జ్‌కి ఆ బెడద లేదు.

ఇక అసలు విషయం, లావు. గీత లావుగా ఉంటే అందరూ నాయిస్ అని ఒక్క మాట అనేస్తారు. అది ఏ రకమో తేలకపోతే దాన్ని తగ్గించలేం. ల్యాబ్‌లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి కరెంటు లైన్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్, నెమ్మదైనది. రెండోది ఛార్జర్లు, ఎల్ఈడీ ట్యూబులు, కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌లు పుట్టించే వేగమైన ముళ్ళు. ఫోటోలో రెండూ లావు గీతలాగే కనిపిస్తాయి. ఎందుకంటే మీ స్క్రీన్ మొత్తం 2.5 మిల్లీసెకన్లే, 50 హెర్ట్జ్ ఒక్క చక్రానికే 20 మిల్లీసెకన్లు కావాలి. హమ్ ఒక్క స్వీప్‌లో కనబడదు. స్వీప్ స్వీప్‌కీ అల కాస్త పైకీ కిందికీ జరుగుతూ, అవన్నీ ఒకదాని మీద ఒకటి పడి లావుగా అనిపిస్తుంది. ఫోన్ కెమెరా ఒక ఫోటో తీసేలోపు ఇలాంటి స్వీప్‌లు ఎన్నో పడిపోతాయి.

మీ ఫోటో ఒక్కదాంతోనే ఈ రెండిట్లో ఏదో చెప్పవచ్చు, రెండు ఆధారాలున్నాయి. మొదటిది ఆ 4.40. డిజిటల్ స్కోప్ Pk-Pk ను ఒక్క స్వీప్‌లో పట్టుకున్న బిందువుల నుంచే లెక్క వేస్తుంది. 0.4 ఓల్టుల హమ్ అయినా 2.5 మిల్లీసెకన్లలో, తన వాలు అన్నిటికన్నా నిటారుగా ఉన్న చోట కూడా, 0.15 ఓల్టుకి మించి మారలేదు. అంటే ఉన్నది హమ్ ఒక్కటే అయితే అంకె 4.00కీ 4.15కీ మధ్య ఊగాలి. 4.40 వచ్చిందంటే ఒక్క స్వీప్ లోపలే నాయిస్ పూర్తిగా పైకీ కిందికీ పోయి వచ్చింది, అది వేగమైనది. రెండోది లావు తీరు. స్కోప్ ప్రతి స్వీప్‌నీ అల ట్రిగ్గర్ స్థాయిని దాటే బిందువు దగ్గర పేరుస్తుంది. హమ్ అయితే ఆ బిందువు చుట్టూ గీత సన్నగా ఉండి, శిఖరాల దగ్గర, దిగే వాలు మీద లావెక్కుతుంది. మీ ఫోటోలో పైనున్న T బాణం కిందకూడా పట్టీ మిగతా చోట్లంత లావుగానే ఉంది.

ల్యాబ్‌లో నిలబడి ఉంటే ఇంతకన్నా తేలిక దారి ఉంది. Run/Stop నొక్కండి. ఆగిన చిత్రంలో గీత సన్నబడితే లావు అంతా స్వీప్‌లు ఒకదాని మీద ఒకటి పడటం వల్ల వచ్చింది. హమ్ అని అనుమానించాలి. ఆగిన తర్వాత కూడా ముళ్ళు ముళ్ళుగా ఉంటే వేగమైన నాయిస్.

హమ్ అనుమానం ఉంటే టైమ్ బేస్‌ను 5 మిల్లీసెకన్లకి మార్చండి. 1 కిలోహెర్ట్జ్ అలలు కిక్కిరిసి నిండైన పట్టీలా అవుతాయి, వాటిని వదిలేసి ఆ పట్టీ అంచులు చూడండి. అంచులు నాలుగు గళ్ళకొకసారి లేచి పడుతుంటే 20 మిల్లీసెకన్లు, అంటే 50 హెర్ట్జ్. రెండు గళ్ళకొకసారి అయితే 100 హెర్ట్జ్, పవర్ సప్లై రెక్టిఫయర్ వెనక మిగిలిన రిపిల్. పై అంచు, కింది అంచు కలిసి ఒకే దిక్కుకి కదులుతుంటే హమ్ అలకి కలిసింది. పై అంచు పైకీ కింది అంచు కిందికీ విడిపోతుంటే కలవలేదు, అల ఎత్తే మారుతోంది, అది వేరే రోగం. అప్పుడు జనరేటర్‌నో మధ్యలోని యాంప్లిఫయర్‌నో చూడాలి. ఇంకా రుజువు కావాలంటే ట్రిగ్గర్ మెనూలో సోర్స్‌ను AC Line కి మార్చండి. లైన్ నుంచి వచ్చిందేదైనా స్క్రీన్ మీద కదలకుండా నిలబడిపోతుంది, మీ 1 కిలోహెర్ట్జ్ మాత్రం జారిపోతూ ఉంటుంది.

టైమ్ బేస్‌ను నెమ్మది వైపు తిప్పేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. చిన్న స్కోప్‌లలో ఒక స్వీప్‌కి 2500 బిందువులే దాస్తారు. గడికి 5 మిల్లీసెకన్ల దగ్గర సెకనుకి 50,000 బిందువులు పడతాయి, ఫర్వాలేదు. గడికి 500 మిల్లీసెకన్లు పెడితే సెకనుకి 500 బిందువులే. అప్పుడు 1 కిలోహెర్ట్జ్ అల బదులు, నెమ్మదిగా పోయే అందమైన దొంగ సైన్ వేవ్ ఒకటి కనిపిస్తుంది. దాని గళ్ళు లెక్కపెట్టి ఫ్రీక్వెన్సీ రాస్తే పూర్తిగా తప్పు. అనుమానం వస్తే టైమ్ బేస్‌ను ఒక మెట్టు వేగం వైపు తిప్పండి. నిజమైన అల లెక్క ప్రకారం సాగుతుంది, దొంగ అల ఆకారమే మార్చేస్తుంది.

మీ కేసులో వేగమైన నాయిస్ అని తేలింది కాబట్టి అది ఎక్కడిదో చూద్దాం. జనరేటర్ ఆంప్లిట్యూడ్‌ను వీలైనంత కిందికి దించండి. Output బటన్ ఆపకండి. చాలా జనరేటర్లలో అది ఆపితే లోపల రిలే తెరుచుకుని వైరు గాలిలో వేలాడినట్టవుతుంది, అప్పుడు లేని హమ్ కొత్తగా వచ్చి మిమ్మల్ని దారి తప్పిస్తుంది. తర్వాత ఛానెల్‌ను గడికి 100 మిల్లీఓల్టులకి, టైమ్ బేస్‌ను గడికి 5 మైక్రోసెకన్లకి తెచ్చి, ట్రిగ్గర్ స్థాయిని నెమ్మదిగా పైకి జరిపి ముళ్ళ మీద నిలపండి. ముళ్ళ గుంపులు మూడు గళ్ళకొకటి వస్తుంటే 15 మైక్రోసెకన్లు, సుమారు 67 కిలోహెర్ట్జ్. ల్యాప్‌టాప్, ఫోన్ ఛార్జర్ల ఎస్ఎంపీఎస్‌లు చాలావరకు ఆ చుట్టుపక్కలే స్విచ్ అవుతాయి. అదే బోర్డు మీదున్న ఛార్జర్లను ఒక్కొక్కటిగా పీకుతూ స్క్రీన్ చూడండి, ఏది పీకితే ముళ్ళు తగ్గాయో దొంగ అదే.

అయితే ఛార్జర్లు పీకేయడం మందు కాదు, నల్ల క్లిప్పు తగిలించడమే మందు. క్లిప్పు లేకపోయినా అల వచ్చేసింది కదా, ఇక అది దేనికి అని మీకు అనిపించి ఉంటుంది. అల రావడానికి కారణం ఉంది. స్కోప్ గ్రౌండ్, జనరేటర్ గ్రౌండ్ రెండూ వాటి మూడు పిన్నుల ప్లగ్గుల ద్వారా బోర్డులోని ఎర్త్ వైరు దగ్గర కలుస్తాయి. మీ సిగ్నల్ ప్రోబ్ కొన నుంచి లోపలికి వెళ్ళి, రెండు పవర్ కార్డులూ చుట్టి ఎర్త్ వైరు మీదుగా వెనక్కి వస్తోంది. అంటే నాలుగైదు మీటర్ల చుట్టు. అదే ఎర్త్ వైరులోకి ప్రతి మూడు పిన్నుల ఛార్జరూ తన చెత్త వదులుతుంది, అంత పెద్ద చుట్టు గాలిలోంచి కూడా అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటుంది. క్లిప్పును జనరేటర్ కేబుల్ నల్ల కొనకి తగిలిస్తే ఆ చుట్టు జానెడుకి తగ్గుతుంది. ఇంకా మంచిది, ప్రోబ్ వదిలేసి జనరేటర్ నుంచి స్కోప్‌కి నేరుగా బీఎన్‌సీ కేబుల్ వేయడం. అలా వేస్తే ఛానెల్ మెనూలో ప్రోబ్ 1X కి మార్చడం మరవకండి.

ఒక హెచ్చరిక. నల్ల క్లిప్పు నేరుగా ఎర్త్‌కి కలిసి ఉంటుంది. జనరేటర్ నల్ల కొనకి తగిలించడంలో ప్రమాదం లేదు. కానీ మెయిన్స్‌కి నేరుగా కలిసిన సర్క్యూట్‌లో ఎక్కడపడితే అక్కడ తగిలిస్తే షార్ట్ అవుతుంది. అది తప్పించుకోవడానికి స్కోప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయడం కొన్ని ల్యాబుల్లో చూస్తుంటాం, అది ప్రాణాంతకం. స్కోప్ బాడీ ముట్టుకుంటే చురుక్కుమంటే ఆ బోర్డుకి ఎర్త్ సరిగ్గా లేదని అర్థం. మన వైపు ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోయినా ఎర్త్ బలహీనపడుతుంది. వెంటనే ల్యాబ్ అసిస్టెంట్‌కి చెప్పండి, ఆ బల్ల మీద పని ఆపేయండి.

ఆవరేజింగ్ 16 పెడితే గీత సన్నబడుతుందని ఎవరైనా చెప్పవచ్చు, నిజమే. ట్రిగ్గర్‌తో పొత్తు లేని నాయిస్ సగటులో చాలావరకు తగ్గిపోతుంది. కానీ క్లిప్పు వదిలేసి ఆవరేజింగ్ పెట్టడం నాకు నచ్చని పని, నాయిస్ సర్క్యూట్‌లో అలాగే ఉంటుంది, మీకు కనబడదంతే. ముందు క్లిప్పు తగిలించి, మిగిలిన దాని మీద వాడండి. వాడితే రికార్డులో ఆ మాట రాయండి.

రికార్డులో ఈ ఫోటో కింద ఇలా వేయండి: గడికి 1 ఓల్టు, గడికి 250 మైక్రోసెకన్లు, పీరియడ్ 1.00 మిల్లీసెకను, ఫ్రీక్వెన్సీ 1.00 కిలోహెర్ట్జ్, పీక్ టు పీక్ 4.0 ఓల్టులు (పట్టీ మధ్య నుంచి చదివినది), జనరేటర్ లోడ్ సెట్టింగ్ 50 ఓమ్‌లు, నాయిస్ పట్టీ సుమారు 0.4 ఓల్టు, గ్రౌండ్ క్లిప్పు తగిలించలేదు. దాని కిందే క్లిప్పు తగిలించి, High Z పెట్టి తీసిన రెండో ఫోటో అంటించండి. అందులో అల 2.0 గళ్ళ ఎత్తుకి రావాలి, పట్టీ 0.1 గడి కన్నా సన్నబడాలి.

ఆ తర్వాత కూడా మిగిలే కాస్త లావు కోసం వెతక్కండి. మీ స్కోప్ 8 బిట్లది, ఒక గడిని 25 నుంచి 32 మెట్లుగా మాత్రమే విడగొడుతుంది. గడికి 1 ఓల్టు దగ్గర ఒక్క మెట్టే 30 నుంచి 40 మిల్లీఓల్టులు. గీత ఒక మెట్టు అటూ ఇటూ ఊగడం స్కోప్ సొంతం, మీ సర్క్యూట్‌ది కాదు. అంతకన్నా చిన్న నాయిస్ కొలవాలంటే ఛానెల్‌ను గడికి 20 మిల్లీఓల్టుల దాకా తెచ్చి, ప్రోబ్ కొనని దాని నల్ల క్లిప్పుకే ముట్టించి, మొదట స్కోప్‌దీ ప్రోబ్‌దీ ఎంతుందో చూసి రాసుకోండి. సర్క్యూట్‌కి తగిలించాక వచ్చే పట్టీ దానికన్నా ఎంత పెద్దదైతే అంతవరకే సర్క్యూట్ నాయిస్ గురించి మాట్లాడగలం.